మీమ్ స్క్రీన్‌షాట్‌లోని హాస్యాన్ని విడమరచి చెప్పడం ఎలా: కట్టప్ప కత్తి, ఒకటో తారీఖు జీతం

కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక మీమ్ స్క్రీన్‌షాట్ పెడతారు. నలుగురు నవ్వుతారు. ఐదో మనిషి "ఇందులో నవ్వడానికి ఏముంది?" అని అడుగుతారు. దానికి సాధారణంగా దొరికే జవాబు "అది బాహుబలిలో సీన్ పిన్నీ" అన్న ఒక్క ముక్క. అది బాహుబలి అని పిన్నికి మనకంటే ముందే తెలుసు. ఆమెకు అందనిది మరేదో ఉంది, దాన్ని మనం కనిపెట్టలేదు. మీమును వివరించడంలో అసలు కష్టం ఇక్కడే ఉంటుంది కాబట్టి, ఒకే ఒక్క స్క్రీన్‌షాట్‌ను తీసుకుని దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా విప్పాలో చూద్దాం.

ఈ వ్యాసం కోసం కూర్చుకున్న నమూనా ఇది. పైన తెల్లటి పట్టీ మీద రెండు వాక్యాలున్నాయి: "ఒకటో తారీఖు ఆదివారం పడింది. ఈ ఒక్క రోజైనా నాతో ఉంటాడనుకున్నా." దాని కింద బాహుబలి వీపులో కట్టప్ప కత్తి దింపుతున్న దృశ్యం ఉంది. బాహుబలి మీద "పొద్దున్నే పడ్డ జీతం" అనీ, కట్టప్ప మీద "హోమ్ లోన్ ఈఎంఐ" అనీ రాశారు. బొమ్మ కింద ఎవరో పెట్టిన వ్యాఖ్య కూడా స్క్రీన్‌షాట్‌లో చిక్కింది: "నా సంతకమే శాసనం."

ముందుగా ఏది ఎవరు రాశారో విడదీయండి

స్క్రీన్‌షాట్ అనేది మీమ్ ఒక్కటే కాదు. అందులో మీమ్ తయారు చేసినవారి మాటలుంటాయి, దాన్ని పంచుకున్నవారి మాటలుంటాయి, కింద స్పందించినవారి మాటలుంటాయి, ఫోను తెర మీది గడియారమూ బ్యాటరీ గుర్తూ ఉంటాయి. వీటన్నిటినీ ఒకే మనిషి మాటలుగా చదివితే హాస్యం తల్లకిందులవుతుంది. మన నమూనాలో పై పట్టీ, బొమ్మ, బొమ్మ మీది రెండు పేర్లు కలిసి ఒక మీమ్. కింది వ్యాఖ్య వేరొకరిది, అది ఆ మీముకు ఇచ్చిన జవాబు. స్క్రీన్‌షాట్ తీసినవారు ఆ వ్యాఖ్యను కత్తిరించకుండా ఉంచారంటే, వారిని నవ్వించింది మీమ్ కంటే ఆ వ్యాఖ్యే అయి ఉండవచ్చు. కాబట్టి మీరు రెండు హాస్యాలను వివరించాలి, రెండింటినీ కలిపేయకూడదు.

చదివే వరుసను కూడా గమనించండి. పై పట్టీని ముందు చదివి తరువాత బొమ్మలోకి దిగేలా ఈ తరహా మీములను అమరుస్తారు. వినేవారు తొందరలో నేరుగా బొమ్మనే చూసి ఉంటే, జవాబు విన్న తరువాత ప్రశ్న విన్నట్టవుతుంది. వివరణ మొదలుపెట్టే ముందు "పైన ఉన్నది ఒకసారి చదవండి, తరువాత బొమ్మ చూడండి" అని చెప్పి ఊరుకోండి. కొన్నిసార్లు అంతకు మించి చెప్పవలసిన పని ఉండదు.

అడిగినవారికి తెగిపోయిన లంకె ఏదో కనుక్కోండి

ఈ మీమ్ అర్థం కావాలంటే మూడు సంగతులు తెలిసి ఉండాలి: సినిమా కథ, నెలసరి వాయిదా కోసుకునే తీరు, బొమ్మలోని మనుషుల మీద పేర్లు రాసే మీమ్ మర్యాద. అడిగినవారికి ఈ మూడూ తెలియకపోవడం అరుదు. సాధారణంగా ఒకటే తెగి ఉంటుంది, మనం మాత్రం మిగతా రెండింటి గురించి ఉపన్యాసం ఇస్తాం.

ఉద్యోగ విరమణ చేసిన బాబాయిగారికి సినిమా తెలుసు, గృహ రుణం బాధ ఇంకా బాగా తెలుసు. ఆయనకు అర్థం కానిది "కట్టప్ప మీద ఈఎంఐ అని ఎందుకు రాశారు?" అన్నదే. ఆయనకు చెప్పవలసింది ఒక్క వాక్యం: "బొమ్మలో మనిషి మీద ఏ పేరు రాస్తే, ఆ కాసేపు ఆ మనిషి ఆ వస్తువు పాత్ర పోషిస్తున్నాడని అర్థం, నాటకంలో వేషం కట్టినట్టు." వేషం అన్న మాట ఆయన తరానికి తేలికగా అందుతుంది. ఇంటర్ చదివే మేనకోడలికి ఆ మర్యాద పుట్టుకతో వచ్చినట్టే తెలుసు కానీ, జీతం పడిన రోజే వాయిదా పోవడం ఆమె అనుభవంలో లేదు. డాలస్‌లో ఉండే అన్నయ్యకు మూడూ తెలిసినట్టే ఉంటాయి, అయినా "ఆదివారం" అన్న మాట దగ్గర ఆగిపోతాడు. ఆ సంగతికి తరువాత వద్దాం.

లంకె ఏదో తేల్చుకోవడానికి "ఏది అర్థం కాలేదు?" అని అడిగితే ప్రయోజనం ఉండదు, ఎందుకంటే తెలియనిది ఏదో వారికీ తెలియదు. అందుకు బదులుగా "ఈ బొమ్మలో ఏం జరుగుతోందనుకుంటున్నారు?" అని అడగండి. వారు చెప్పే కథలో ఎక్కడ తడబడితే అక్కడే లంకె తెగి ఉంటుంది.

బొమ్మ ఎక్కడిదో, అందులో ఎవరికి ఏం తెలుసో తేల్చుకోండి

మీకే బొమ్మ గుర్తురాకపోతే, స్క్రీన్‌షాట్‌లో అక్షరాలు లేని భాగాన్ని మాత్రమే కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతకండి. మొత్తం స్క్రీన్‌షాట్‌ను పెడితే అది పై పట్టీలోని అక్షరాలను పట్టుకుని ఎటో వెళ్ళిపోతుంది. వచ్చిన ఫలితాల్లో ఎక్కువ భాగం అదే బొమ్మతో చేసిన ఇతర మీములే ఉంటాయి. అవి పనికిరానివి కావు. ఇరవై మంది అదే బొమ్మను దేనికి వాడారో చూస్తే దాని వాడుక అర్థం తెలుస్తుంది. కానీ మూలం కావాలంటే పేర్లేవీ రాయని, అసలు దృశ్యాన్ని చూపే ఫలితం దొరికేదాకా దిగండి.

మూలం దొరికాక సినిమా పేరు చెప్పి ఆగిపోవడం పెద్ద పొరపాటు. మీముకు కావలసింది సినిమా పేరు కాదు, ఆ క్షణంలో ఆ మనుషుల మధ్య ఉన్న సంబంధం. మన దృశ్యం విషయంలో చెప్పవలసినవి ఇవి. కట్టప్ప మాహిష్మతి సింహాసనానికి తరతరాలుగా కట్టుబడిన బానిస వంశం వాడు. తన పూర్వీకుడు ఇచ్చిన మాట ప్రకారం సింహాసనం ఏది ఆజ్ఞాపిస్తే అది చేయాలి, మంచిచెడ్డలు ఎంచే స్వేచ్ఛ అతనికి లేదు. బాహుబలి అంటే అతనికి ప్రాణం, బాహుబలి అతన్ని మామా అని పిలుస్తాడు. నువ్వు పక్కన ఉన్నంతవరకు నన్ను చంపగలవాడు పుట్టలేదన్న అర్థం వచ్చే మాట కూడా అతనితోనే అంటాడు. అలాంటి మనిషే వెనుక నుంచి కత్తి దింపుతాడు. దింపమని ఆజ్ఞాపించింది రాజమాత శివగామి, అంటే బాహుబలిని పెంచిన తల్లే.

ఇక్కడ కాలం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ బొమ్మతో ఉన్న పాత స్క్రీన్‌షాట్లను చాలామంది తప్పుగా వివరిస్తారు. రాజమౌళి తీసిన బాహుబలి మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. బాహుబలిని చంపింది తానేనని కట్టప్ప చెప్పడంతో అది ముగిసింది, కారణం చెప్పలేదు. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఈ మధ్య ఉన్న ఇరవై ఒక్క నెలలకు పైగా కాలంలో ఈ బొమ్మకు ఉన్న అర్థం ఒక్కటే: జవాబు లేని ప్రశ్న. "కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు" అన్నది తెలుగు రానివాళ్ళ నోట కూడా నానింది. అప్పటి మీములు "ఇది ఎప్పటికీ తేలదు" అన్న చమత్కారం మీద నడిచాయి. జవాబు తెలిశాక బొమ్మ అర్థం మారిపోయింది. ఇప్పుడది ప్రశ్న కాదు. ప్రేమ ఉండి కూడా తప్పించుకోలేక చేసిన ద్రోహానికి గుర్తు. కాబట్టి మీ చేతిలోని మీములో "ఎందుకు" అన్న మాట గానీ, ఎంతకూ తేలని విషయం గానీ ఉంటే అది మొదటి తరహా. రెండు పేర్లు రాసి ఒకటి మరొకదాన్ని పొడిచినట్టు చూపితే రెండో తరహా. మొదటి తరహా మీమును రెండో తరహా కథతో వివరిస్తే వినేవారు తల ఊపుతారు గానీ నవ్వరు. మన నమూనా రెండో తరహాది.

పేర్లు మనుషులకు ఎందుకు అతికాయో పరీక్షించి చూడండి

చాలామంది ఇలా వివరిస్తారు: "జీతం రాగానే ఈఎంఐ దాన్ని చంపేసిందని చెబుతున్నారు." ఇందులో తప్పు లేదు, కానీ ఇది వివరణలో పావు వంతే. చంపే దృశ్యాలు తెలుగు సినిమాల్లో కోకొల్లలు. వాటిలో దేన్ని పెట్టినా ఇదే మాట చెప్పవచ్చు. ఈ బొమ్మే ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వనంత వరకు హాస్యాన్ని వివరించినట్టు కాదు.

దీన్ని తేల్చడానికి నేను వాడే పద్ధతి మార్చి చూడడం. కట్టప్ప స్థానంలో భల్లాలదేవుణ్ణి పెట్టి చూడండి. భల్లాలుడు బాహుబలికి శత్రువు, చంపడం అతని కోరిక. అప్పుడు మీమ్ చెప్పేది "అప్పు నా జీతానికి శత్రువు" అని. అది ఫిర్యాదే తప్ప చమత్కారం కాదు. మళ్ళీ కట్టప్పనే ఉంచి, అతని మీద "జేబుదొంగ" అని రాసి చూడండి. దొంగను మనం ఎన్నడూ నమ్మలేదు, అతను మనకు ఏ మాటా ఇవ్వలేదు, కాబట్టి బొమ్మ అతకదు. ఇప్పుడు "హోమ్ లోన్ ఈఎంఐ" దగ్గరికి తిరిగి రండి. ఈఎంఐకి మన మీద పగ లేదు. నెల నెలా ఇంత కోసుకోమని బ్యాంకుకు అనుమతి పత్రం మీద సంతకం పెట్టింది మనమే. ఆ పత్రం ఏ తేదీ చెబితే ఆ తేదీన, పండగ ముందుందా, పిల్లల ఫీజు ఉందా అని చూడకుండా, అది తన పని చేసుకుపోతుంది. ఇచ్చిన మాటకు కట్టుబడిన బానిస అంటే సరిగ్గా ఇదే. పైగా ఆ కోత మన సొంత ఇంటి కోసం. అంటే చంపినవాడు మనవాడే.

ఈ పరీక్ష తరువాత మీ వివరణ మారుతుంది. "ఈఎంఐ జీతాన్ని చంపింది" అన్న వాక్యం పోయి "ఈఎంఐకి జీతం మీద కోపం లేదు, అది మాటకు కట్టుబడింది, కట్టప్పలాగే" అన్న వాక్యం వస్తుంది. వినేవారి ముఖంలో నవ్వు కనిపించేది ఈ రెండో వాక్యం దగ్గరే. పోలిక వస్తువుకూ మనిషికీ మధ్య కాదు, రెండు జతల్లో ఉన్న సంబంధాల మధ్య.

బొమ్మనూ మాటనూ వంతులవారీగా చేత్తో మూసి చూడండి

ఇది పిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, మాటా బొమ్మా ఎలా కలిసి పనిచేస్తున్నాయో దీనికంటే త్వరగా చూపే దారి నాకు తెలియదు. ముందు బొమ్మను మూసి పై పట్టీ మాత్రం చదివించండి. "ఒకటో తారీఖు ఆదివారం పడింది. ఈ ఒక్క రోజైనా నాతో ఉంటాడనుకున్నా." ఎవరు ఉంటాడనుకున్నాడు? తెలియదు. స్నేహితుడి గురించో, భర్త గురించో అనిపిస్తుంది. మాటలో కొంత జాలి ఉంది, ఆశ ఉంది, "అనుకున్నా" అన్న క్రియలో ఆ ఆశ నెరవేరలేదన్న సూచన ఉంది. ఇప్పుడు పట్టీని మూసి బొమ్మ మాత్రం చూపండి. జీతాన్ని ఈఎంఐ పొడుస్తోంది, అంతే. అర్థమైంది, నవ్వు రాలేదు.

రెండూ కలిపితే పట్టీలోని "ఉంటాడు" ఎవరో బొమ్మ చెబుతుంది. జీతం "ఉంటుంది" అనవలసిన చోట "ఉంటాడు" అని రాయడం ద్వారా తయారు చేసినవారు జీతాన్ని ముందే మనిషిని చేసి పెట్టారు. బొమ్మలో బాహుబలి కనబడగానే ఆ పుంలింగం సరిపోతుంది. పట్టీలో ఈఎంఐ అన్న మాట ఎక్కడా లేదన్నది కూడా చూపించండి. "ఈ రోజైనా ఈఎంఐ కట్ కాదనుకున్నా" అని రాసి ఉంటే, పట్టీయే మొత్తం చెప్పేసి బొమ్మను అలంకారంగా మిగిల్చేది. చెప్పకుండా వదిలేసిన ఆ ఖాళీని బొమ్మ పూరించడమే ఇందులోని పనితనం.

తెలుగుకే చెందిన మరో చమత్కారం "పడు" అన్న క్రియలో ఉంది. తారీఖు ఆదివారం పడుతుంది, జీతం ఖాతాలో పడుతుంది, పొడిస్తే వీరుడు పడతాడు. "పొద్దున్నే పడ్డ జీతం" అన్న మాటను కూలిపోతున్న బాహుబలి మీద రాసేసరికి రెండు అర్థాలూ ఒకేసారి పలుకుతాయి. తయారు చేసినవారు దీన్ని ఉద్దేశించే రాశారని ఒట్టు పెట్టలేం కానీ, చదివేవారి చెవికి అది తగులుతుంది. డాలస్ అన్నయ్య పిల్లలకు ఇంగ్లీషులో వివరిస్తున్నప్పుడు ఈ ముక్క చేతికి రాదు. అక్కడ దాన్ని బలవంతంగా అనువదించకుండా "తెలుగులో జీతం రావడానికీ మనిషి కూలడానికీ ఒకే క్రియ" అని చెప్పి ముందుకు సాగండి.

ఆదివారం సంగతి

ఇలాంటి మీముల్లో అందరూ దాటేసే ఒక చిన్న మాట ఉంటుంది, దానిలోనే సగం కథ ఉంటుంది. ఇక్కడ అది "ఆదివారం." వినేవారు అడగరు, మనమూ చెప్పం. కానీ ఆ మాట తీసేస్తే "ఈ ఒక్క రోజైనా" అన్న ఆశకు కారణమే లేదు. ఆ రోజున ఎందుకు ఆశపడాలి?

మన దేశంలో కంపెనీలు జీతాలను ఒకేసారి వేలమంది ఖాతాల్లో వేయడానికీ, బ్యాంకులు వాయిదాలను ఒకేసారి కోసుకోవడానికీ వాడే ఏర్పాటును నాచ్ అంటారు. దాన్ని నడిపేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. మీ ఖాతా వివరాల్లో కోత పక్కన NACH అన్న నాలుగు అక్షరాలు మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు అది బ్యాంకులు పనిచేసే రోజుల్లోనే నడిచేది. వాయిదా తేదీ ఆదివారం నాడు వస్తే కోత మర్నాటికి జరిగేది, ఆ ఒక్క రోజు డబ్బు మన దగ్గర ఉన్నట్టే ఉండేది. రిజర్వు బ్యాంకు నిర్ణయంతో 2021 ఆగస్టు 1 నుంచి అది వారంలో అన్ని రోజులూ నడుస్తోంది. ఆ ఆగస్టు 1 కూడా ఆదివారమే కావడం ఎవరూ రాయని మీమ్.

ఇది తెలిశాక బొమ్మకు మరో పొర వస్తుంది. ఆదివారం పొద్దున్నే జీతం పడడానికి వీలు కల్పించిన ఏర్పాటే అదే రోజు వాయిదానూ కోయడానికి వీలు కల్పించింది. ఇచ్చిన చేయీ, తీసుకున్న చేయీ ఒకటే. పాత అలవాటు ఉన్నవారికే "ఆదివారం కదా" అన్న భరోసా ఉంటుంది కాబట్టి, ఈ మీమ్ మాట్లాడుతున్న మనిషి నిన్న మొన్న ఉద్యోగంలో చేరినవాడు కాదు, కొన్నేళ్ళుగా వాయిదాలు కడుతున్నవాడు అని కూడా ఊహించవచ్చు.

డాలస్ అన్నయ్య ఆగిపోయింది ఇక్కడే. అమెరికాలో ఈ రకం బ్యాంకు చెల్లింపులు శని, ఆదివారాల్లో ఖరారు కావు. అక్కడ చాలామందికి జీతం రెండు వారాలకోసారి వస్తుంది, ఒకటో తారీఖుకు ఇక్కడున్నంత మహిమ లేదు. అతని లెక్కలో ఆదివారం జీతం పడడమే అబద్ధం, కాబట్టి మీమ్ తప్పు రాశారనుకుంటాడు. అతనికి కట్టప్ప గురించి ఒక్క ముక్క చెప్పనక్కరలేదు. "ఇక్కడ 2021 నుంచి ఆదివారం కూడా పడుతుంది, ఆదివారం కూడా పోతుంది అన్నయ్యా" అంటే చాలు.

కింది వ్యాఖ్యను విడిగా, చివర వివరించండి

"నా సంతకమే శాసనం" అన్న వ్యాఖ్యలో కొటేషన్ గుర్తులేమీ లేవు, అయినా అది ఒక సంభాషణను మలచిన మాట. సినిమాలో శివగామి తన మాటే శాసనమని ప్రకటిస్తుంది. ఆ వాక్యం అప్పటి నుంచి ఇళ్ళలో అత్తగార్ల మీదా, ఆఫీసుల్లో పై అధికారుల మీదా సరదాగా వాడుకలో ఉంది. వ్యాఖ్య రాసినవారు "మాట" తీసి "సంతకం" పెట్టారు. మార్చింది ఒక్క పదం.

ఆ ఒక్క పదం చేసిన పని చూడండి. మీములో రెండు పాత్రలకే పేర్లున్నాయి. కత్తి దింపమన్న మూడో మనిషి బొమ్మలో లేదు. సినిమా తెలిసినవారి మనసులో మాత్రం ఆ ఖాళీ ఉంటుంది: కట్టప్ప ఈఎంఐ అయితే రాజమాత ఎవరు? బ్యాంకు అని చెప్పడం తేలిక. వ్యాఖ్య అలా చెప్పలేదు. సంతకం పెట్టింది జీతం వచ్చినవాడే కాబట్టి, ఆజ్ఞ ఇచ్చిందీ అతనే. కన్నకొడుకులా చూసుకున్నవాణ్ణి తానే చంపించుకుని తరువాత ఏడ్చిన రాజమాత స్థానంలో, జీతం కోసం నెలంతా ఎదురుచూసి దాన్ని ముందే రాసిచ్చేసిన మనిషి నిలబడ్డాడు. పై పట్టీలో జాలిగా మాట్లాడుతున్నదీ ఆ మనిషే. ఇప్పుడు ఆ జాలి మాట మళ్ళీ చదివితే వేరుగా వినిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసినవారు వ్యాఖ్యను ఎందుకు ఉంచారో ఇప్పుడు తెలిసింది.

దీన్ని ముందే చెప్పేస్తే మాత్రం వినేవారు తికమకపడతారు. రెండు పాత్రలు కుదురుకున్నాకనే మూడో పాత్రను తీసుకురండి.

ఇప్పుడు నోటితో చెప్పండి, కురచగా

మీరు ఇంత విప్పి చూసుకున్నారు కదా అని అదంతా పిన్నికి చెప్పకూడదు. తెలుసుకోవడానికి పట్టిన వరుస వేరు, చెప్పే వరుస వేరు. పిన్నికి పేర్ల మర్యాద అందలేదని తేలిందనుకుందాం. అప్పుడు ఇలా చెబితే సరిపోతుంది:

"పిన్నీ, ఇందులో బాహుబలి అంటే జీతం, కట్టప్ప అంటే ఇంటి అప్పు వాయిదా, వాళ్ళ మీద రాసింది అందుకే. ఆదివారం బ్యాంకు సెలవు కదా, ఇవాళైనా జీతం చేతిలో ఉంటుందని వీడు అనుకున్నాడు. ఇప్పుడు ఆదివారం కూడా కోసేస్తున్నారు. కట్టప్పకు బాహుబలి మీద కోపం లేదు, మాట ఇచ్చాడు కాబట్టి పొడిచాడు. వాయిదా కూడా అంతే. కింద ఎవరో, ఆ మాట ఇచ్చింది నువ్వే కదా, సంతకం పెట్టావు కదా అని ఎత్తిపొడిచారు."

ఇందులో విడుదల తేదీలు లేవు, నాచ్ లేదు, క్రియల చర్చ లేదు. పిన్ని మరేదైనా అడిగితే అప్పుడు తీయండి. వివరణ మీములో ఉన్న నవ్వు కంటే ఎక్కువసేపు సాగిందంటే, మనం ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం మానేసి మనకు తెలిసింది చూపించుకుంటున్నామని అర్థం. నేను ఈ తప్పు పలుమార్లు చేశాను. ఎదుటివారు "సరే సరే, అర్థమైంది" అని రెండుసార్లు అన్నారంటే అర్థం కాలేదనే లెక్క.

నిజంగా అందిందో లేదో తెలుసుకోవడానికి "అర్థమైందా?" అని అడగకండి. అదే బొమ్మకు కొత్త పేర్ల జతలు రెండు ఇచ్చి, ఏది అతుకుతుందో అడగండి. మొదటి జత: బాహుబలి మీద "డాక్టరు చెప్పిన పథ్యం", కట్టప్ప మీద "అమ్మ కలిపిపెట్టిన ఆవకాయ ముద్ద." రెండో జత: బాహుబలి మీద "నా నిద్ర", కట్టప్ప మీద "దోమ." రెండూ అతుకుతాయంటే, "ఒకటి మరొకదాన్ని పాడు చేసింది" అన్నంతవరకే అందింది. మీరు ప్రేమ, నమ్మకం, మాటకు కట్టుబడడం అన్న ముక్క దగ్గరికి తిరిగి వెళ్ళాలి. మా పిన్ని మాత్రం దోమను వెంటనే కొట్టిపారేసింది. "దోమ మనకేమవుతుందిరా, నమ్మడానికి?" అని, ఆ తరువాత తనంతట తానే కట్టప్ప మీద మా బాబాయి పేరు పెట్టి, బాహుబలి మీద "పండక్కి దాచుకున్న డబ్బు" అని రాసి పంపమంది.